ముఖం మారినా ఫొటో ఎవరిది? ఫేస్ స్వాప్‌లో ఫొటోగ్రాఫర్ హక్కులపై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఫొటో రీటచింగ్ చేసే మా దగ్గరికి చిక్‌పేట చీరల కొట్లవాళ్లు వస్తారు, తెలుగు సంఘాలవాళ్లు వస్తారు, పెళ్లి ఆల్బమ్‌తో కుటుంబాలు వస్తాయి. ఈమధ్య చాలామంది అడిగేది ఒకటే: "ఈ ఫొటోలో ఆ ముఖం తీసేసి ఈ ముఖం పెట్టండి." పని ఎలా చేయాలో అందరూ అడుగుతారు. ఆ ఫొటో తీసినవారు ఒప్పుకున్నారా అని మేము అడిగితే మాత్రం ఆశ్చర్యపోతారు. మాకు పదేపదే ఎదురయ్యే ప్రశ్నలకు భారతీయ చట్టం ప్రకారం జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇప్పటికే లీగల్ నోటీసు చేతికి వచ్చి ఉంటే మాత్రం దీంతో ఆగకుండా కాపీరైట్ తెలిసిన లాయర్‌ని కలవండి.

సోర్స్ ఫొటో, టార్గెట్ ఫొటో అంటే ఏవి? హక్కుల విషయంలో రెండూ ఒకటేనా?

ముఖాన్ని ఏ ఫొటో నుంచి తీసుకుంటామో అది సోర్స్. ఆ ముఖాన్ని తీసుకెళ్లి ఏ ఫొటోలో పెడతామో అది టార్గెట్. హక్కుల విషయంలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఈ తేడా అర్థమైతే కింది ప్రశ్నల్లో సగానికి జవాబు మీకే తడుతుంది.

తయారైన బొమ్మను ఒకసారి జాగ్రత్తగా చూడండి. నిలబడిన తీరు, చీర కుచ్చిళ్లు, కిటికీలోంచి పడిన వెలుతురు, వెనక మసకగా కనిపించే గుడి మండపం, ఫ్రేమ్‌లో మనిషిని ఎక్కడ ఉంచారన్నది, అన్నీ టార్గెట్ ఫొటోవే. మారింది కనుబొమ్మల నుంచి గడ్డం దాకా ఉన్న చిన్న భాగం మాత్రమే. ఏఐ టూల్‌తో చేస్తే ఆ భాగంలో కూడా వెలుగునీడలు, తల తిరిగి ఉన్న కోణం, ముఖంలోని భావం టార్గెట్ నుంచే వస్తాయి. అంటే టార్గెట్ తీసిన ఫొటోగ్రాఫర్ పని దాదాపు మొత్తం మీ బొమ్మలో అలాగే ఉండిపోయింది.

కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 14 ప్రకారం ఫొటోను కాపీ చేయడం, ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేయడం, జనంలోకి పంపడం, మార్చి వాడుకోవడం హక్కుదారు చేతిలో ఉంటాయి. టార్గెట్ ఫొటోతో మీరు ఈ పనులన్నీ చేస్తున్నారు. అందుకే అనుమతి అడిగేటప్పుడు మొదట వెళ్లాల్సింది టార్గెట్ హక్కుదారు దగ్గరికే.

అయితే సోర్స్ ఫొటో తీసినవారికి ఏ హక్కూ లేనట్టేనా?

ఉంది. అది ఎంత అన్నది మీరు స్వాప్ ఎలా చేశారన్న దానిమీద ఆధారపడుతుంది.

ఫొటోషాప్‌లో ముఖాన్ని కత్తిరించి అతికించే పాత పద్ధతిలో సోర్స్ ఫొటో పిక్సెళ్లే కొత్త బొమ్మలోకి వస్తాయి. ఆ ఫొటోగ్రాఫర్ పెట్టిన లైటింగ్, పట్టుకున్న క్షణం, చర్మం మీద మెరుపు అన్నీ వాటితోపాటు వస్తాయి. అప్పుడు ఇద్దరు ఫొటోగ్రాఫర్ల పనినీ వాడినట్టే, ఇద్దరి అనుమతీ కావాలి.

ఇప్పుడు ఎక్కువమంది వాడే `inswapper_128` లాంటి ఏఐ మోడల్ వేరేలా పనిచేస్తుంది. సోర్స్ ముఖాన్ని చూసి ఆ మనిషి పోలికలను 512 అంకెల వరుసగా మార్చుకుంటుంది. తర్వాత టార్గెట్‌లోని ముఖభాగాన్ని 128 × 128 పిక్సెళ్ల చదరంలోకి తీసుకుని, ఆ పోలికలతో కొత్తగా గీసి, తిరిగి అక్కడే అతికిస్తుంది. సోర్స్ ఫొటో పిక్సెల్ ఒక్కటి కూడా బయటికి రాదు. ఆ ఫొటోగ్రాఫర్ వెలుతురు గానీ కోణం గానీ ఫలితంలో కనిపించవు. మనిషి పోలికల మీద ఫొటోగ్రాఫర్‌కు కాపీరైట్ ఉండదు, కాబట్టి ఈ పద్ధతిలో ఫలితం మీద ఆయన వాదన బలహీనమే.

కానీ ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసి, దాచి, టూల్‌లోకి ఎక్కించినప్పుడే కాపీ జరిగిపోయింది. వ్యాపారం కోసం అనుమతి లేకుండా ఆ పని చేస్తే ప్రశ్న అక్కడే మొదలవుతుంది. పోలికలు ఎవరివో ఆ మనిషి సమ్మతి సంగతి వేరే ఉంది, దాని గురించి కింద రాశాను.

ముప్పై శాతం మార్చేస్తే మన సొంతం అయిపోతుందంటారు, నిజమేనా?

కాదు. అలాంటి శాతం ఏదీ మన చట్టంలో లేదు. ఎంత మార్చారన్నది కాదు, అవతలివారి పనిలో ముఖ్యమైన భాగం మీ బొమ్మలో ఇంకా మిగిలి ఉందా లేదా అన్నది కోర్టు చూస్తుంది. టార్గెట్ విషయంలో అది మిగిలే ఉంటుంది.

డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో నాదే కదా? మళ్లీ ఎవరిని అడగాలి?

చాలాసార్లు మీదే. ఈ విషయంలో మన చట్టం డబ్బిచ్చినవారి వైపే మొగ్గుతుంది. మామూలుగా ఫొటో తీసినవారే దాని సృష్టికర్త, మొదటి హక్కుదారు. అయితే సెక్షన్ 17(బి) ప్రకారం ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి ప్రత్యేకంగా తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. మీ అమ్మాయి పెళ్లికి మీరు డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకుంటే, ఒప్పందంలో ఇంకోలా లేనంతవరకు ఆ ఫొటోల కాపీరైట్ మీదే.

"వేరే ఒప్పందం లేకపోతే" అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బెంగళూరులో చాలామంది పెళ్లి ఫొటోగ్రాఫర్లు కొటేషన్ చివరి పేజీలో కాపీరైట్ తమదేననీ, కుటుంబానికి సొంత వాడకం మాత్రమేననీ రాస్తారు. అడ్వాన్స్ పంపే హడావుడిలో ఆ పేజీ ఎవరూ చదవరు. ముఖం మార్చే పని మొదలుపెట్టే ముందు ఆ కొటేషన్ తీసి చదవండి.

ఇంకో సంగతి. కాపీరైట్ మీదే అయినా సెక్షన్ 57 కింద తీసినవారికి రెండు హక్కులు మిగిలే ఉంటాయి. ఒకటి, ఆ పని తనదని చెప్పుకునే హక్కు. రెండోది, తన గౌరవానికీ పేరుకూ భంగం కలిగేలా ఆ పనిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. హక్కులు అమ్మేసినా ఇవి పోవు. విజ్ఞాన్ భవన్‌లో ఉన్న తన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి పాడుచేసిందని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ వేసిన కేసులో 2005లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ ఆధారంగానే ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. అప్పటికి ఆ శిల్పం ప్రభుత్వానిదే, అయినా శిల్పి మాట నెగ్గింది. ముఖం మార్చిన ప్రతిసారీ గౌరవానికి భంగం కలిగినట్టు కాదు. కానీ నాసిరకంగా ముఖం అతికించి కింద ఫొటోగ్రాఫర్ పేరు అలాగే ఉంచితే ఆయన బాధలో న్యాయం ఉంది.

షాపు కేటలాగ్‌లో మోడల్ ముఖం మార్చాలి. ఎవరెవరిని అడగాలి?

ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. అందుకని ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

చిక్‌పేటలో ఒక పట్టుచీరల కొట్టు. యజమాని దీపావళికి ఒక ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్‌ని, ఒక మోడల్‌ని పెట్టుకుని 40 చీరలు షూట్ చేయించారు. ఏడాది తిరిగేసరికి మోడల్‌తో ఒప్పందం ముగిసింది. చీరలేమో ఇంకా అమ్ముడవుతున్నాయి. మళ్లీ షూట్ చేయిస్తే ఖర్చు కదా, వాటిలోనే కొత్త అమ్మాయి ముఖం పెట్టించండి అని యజమాని అడిగారు.

మొదట చూడాల్సింది ఫొటోగ్రాఫర్‌తో నడిచిన కాగితాలు. ఒట్టి బిల్లు మాత్రమే ఉండి, అందులో హక్కుల మాటే లేకపోతే సెక్షన్ 17(బి) ప్రకారం కాపీరైట్ కొట్టు యజమానిది. ఫొటోలను మార్పించుకునే హక్కు ఆయనకుంది. కానీ కొటేషన్‌లో "కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌ది, సోషల్ మీడియాలో ఒక సంవత్సరం వాడుకోవచ్చు" అని ఉందనుకోండి. అప్పుడు యజమాని చేతిలో ఉన్నది లైసెన్స్ మాత్రమే. దాని గడువు తీరింది, అందులో మార్పుల ప్రస్తావనా లేదు. ఈ పరిస్థితిలో ముఖం మార్చక ముందే, అంటే పాత ఫొటోలను ఇంకా ప్రచారానికి వాడుతుండటమే, హక్కుల ఉల్లంఘన అవుతుంది.

రెండోది పాత మోడల్. "ఆమె ముఖమే తీసేస్తున్నాం కదా, ఇంకేం ఉంది?" అని యజమాని అడగడం సహజమే. కానీ చేతులు ఆమెవి, మెడ, నడుము, నిలబడిన తీరు ఆమెవి. ఆమె ఒప్పందంలో ఆ షూట్ ఫొటోలన్నిటికీ ఏడాది అనే రాసి ఉంటుంది తప్ప ముఖానికి మాత్రమే ఏడాది అని రాయరు. కాబట్టి గడువు పొడిగించి, మారిన ముఖంతో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు రాయించుకుని, తగిన డబ్బు ఇవ్వాలి. ఆమె ఒప్పుకోకపోతే ఆ ఫొటోలను పక్కన పెట్టడమే సరైన పని.

మూడోది కొత్త అమ్మాయి ముఖం. ఆమె తన పోర్ట్‌ఫోలియోలోంచి నాలుగు మంచి ఫొటోలు పంపుతుంది. అవి ఎవరు తీశారు? ఆమె డబ్బిచ్చి తీయించుకుని ఉంటే ఆమెవే కావచ్చు. డబ్బు లేకుండా, ఇద్దరికీ పోర్ట్‌ఫోలియో వస్తుందని ఒప్పుకుని తీసినవైతే ఫొటోగ్రాఫరే హక్కుదారు అనే వాదనకు బలం ఉంటుంది. ఈ చిక్కుకు మేము చెప్పే పరిష్కారం చాలా సులువు. ఆమెనే షాపుకు రమ్మని, తలుపు దగ్గర పగటి వెలుతురులో, ఎదురుగా ఒకటి, కుడి ఎడమల నుంచి చెరొకటి, ఫోన్‌తోనే ముఖం ఫొటోలు తీయండి. ఆమె సమ్మతి కాగితం మీద సంతకం అక్కడే తీసుకోండి. స్వాప్‌కు అంతకుమించిన సోర్స్ అక్కర్లేదు, సోర్స్ కాపీరైట్ సమస్య కూడా తీరిపోతుంది.

ఇవన్నీ కలిపి లెక్క వేసుకున్నాక చాలామంది యజమానులు 40 ఫొటోల్లో బాగా అమ్ముడయ్యే పదింటికే ఈ పని చేయించి, మిగతావాటికి కొత్త షూట్ పెట్టుకుంటారు. నాకు అదే మంచి దారి అనిపిస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పబ్లిక్‌గా పెట్టారు, గూగుల్‌లో దొరికింది. అయినా అడగాలా?

అడగాలి. పబ్లిక్‌గా పెట్టడమంటే చూడమని, అంతే. ఫొటోకు కాపీరైట్ రావడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, © గుర్తు అక్కర్లేదు, తీసిన క్షణం నుంచే వస్తుంది. అది కళాఖండమా మామూలు ఫోన్ ఫొటోనా అన్న తేడా కూడా చట్టం చూడదు.

ఉగాదికి తెలుగు సంఘాల ఫ్లయర్లలో ఇది మళ్లీ మళ్లీ జరుగుతుంది. పంచె, పట్టుచీరలో ఉన్న ఒక జంట ఫొటో ఇన్‌స్టాలో కనిపిస్తుంది. కమిటీలో ఎవరో దాన్ని తీసుకుని అధ్యక్షుల వారి, వారి శ్రీమతి ముఖాలు పెట్టి గ్రూపుల్లో పంపుతారు. డబ్బు సంపాదించే ఉద్దేశం ఎవరికీ ఉండదు. అయినా టికెట్లు అమ్మే కార్యక్రమానికి ప్రచారంగా వాడారు, వేలమందికి పంపారు. ఫొటోగ్రాఫర్ కంటపడితే ఆయన అడిగే ప్రశ్నకు జవాబు ఉండదు. క్రెడిట్ ఇచ్చాం కదా అనడం అనుమతి అడిగినట్టు కాదు.

ఉచితంగా ఇచ్చే సైట్లలోని ఫొటోలు, క్రియేటివ్ కామన్స్ ఫొటోలు వాడొచ్చా?

లైసెన్స్ పేరు చివర ఏముందో చూడండి. `CC BY` అయితే మార్చుకోవచ్చు, వ్యాపారానికీ వాడొచ్చు, కానీ తీసినవారి పేరు, లైసెన్స్ లింక్, మార్పు చేశామన్న మాట తప్పక ఉండాలి. `CC BY-SA` అయితే మీ స్వాప్ బొమ్మను కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. `NC` ఉంటే కొట్టు ప్రకటనకు పనికిరాదు. `ND` ఉంటే మార్చిన బొమ్మను ఎవరికీ పంచకూడదు, అంటే స్వాప్‌కు పనికిరాదనే అర్థం.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ఈ లైసెన్సులు ఫొటోగ్రాఫర్ హక్కుల గురించే మాట్లాడతాయి. ఫొటోలో ఉన్న మనిషి సమ్మతిని అవి ఇవ్వవు.

పుట్టినరోజుకి మావాడి ముఖాన్ని హీరో పోస్టర్‌లో పెట్టాను. అదీ తప్పేనా?

ఇంట్లో చూసుకుని నవ్వుకోవడానికైతే టెన్షన్ పడకండి. సొంత, వ్యక్తిగత వాడకాన్ని సెక్షన్ 52(1)(ఎ) న్యాయమైన వాడకంగా చూస్తుంది. కుటుంబం గ్రూపులో పంపుకోవడం దాకా ఆ ఉద్దేశంలోనే ఉంటుంది. పబ్లిక్ పేజీలో పెట్టినా, వీధి చివర ఫ్లెక్సీ కట్టినా, మీ బేకరీ ప్రకటనకు వాడినా అది వ్యక్తిగత వాడకం కాదు. పోస్టర్ మీద నిర్మాణ సంస్థ హక్కు, ఆ స్టిల్ హక్కు, పైగా హీరో పేరుప్రతిష్ఠల సంగతి అన్నీ వచ్చిపడతాయి.

వాటర్‌మార్క్ అడ్డొస్తోంది. స్వాప్‌తోపాటు దాన్నీ చెరిపేస్తే?

చెరపకండి. మాకు ఎవరు చెప్పినా మేము చేయని పని ఇది. ఫొటో ఎవరిదో తెలిపే సమాచారాన్ని తెలిసీ తొలగించడం 2012లో చేర్చిన సెక్షన్ 65బి కింద వేరే నేరం. రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఫైల్ లోపల దాగి ఉన్న ఫొటోగ్రాఫర్ పేరుకూ ఇదే వర్తిస్తుంది. పైగా వాటర్‌మార్క్ చెరిపిన ఆనవాలు దొరికాక "నాకు తెలియక వాడాను" అని చెప్పడానికి దారి ఉండదు.

ఫొటో ఎవరు తీశారో తెలియదు. ఎలా కనుక్కోవాలి?

మొదట ఫైల్‌నే అడగండి. ఫైల్ లోపల దాగిన సమాచారాన్ని చూపే ExifTool ఉంటే ఒక్క వరుస చాలు:

```
exiftool -Artist -Creator -Copyright photo.jpg
```

పేరు కనిపిస్తే మీ పని సగం అయినట్టే. ఏమీ రాకపోతే హక్కుదారు లేరని కాదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఈ సమాచారం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. కాబట్టి మీకు పంపినవారిని అసలు ఫైల్ డాక్యుమెంట్‌గా పంపమనండి. తర్వాత ఫొటోతోనే ఫొటోను వెతికే గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో వెతికి, దొరికినవాటిలో అన్నిటికంటే పెద్ద సైజు, అన్నిటికంటే పాత పోస్టు ఎక్కడుందో చూడండి. అది తీసినవారి పేజీ అయ్యే అవకాశం ఎక్కువ. ఎంత వెతికినా దొరక్కపోతే ఆ ఫొటో వాడకండి. వెతికాం, దొరకలేదు అన్నది అనుమతి కిందికి రాదు.

అనుమతి ఎలా అడగాలి? ఏమని రాయాలి?

లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలని సెక్షన్ 30 చెబుతుంది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదాన్ని రాతగానే చూడాలని ఐటీ చట్టం చెబుతుంది కాబట్టి చిన్న పనులకు ఈమెయిల్, వాట్సాప్ సందేశం సరిపోతాయి. హక్కులు పూర్తిగా బదిలీ చేయించుకుంటే మాత్రం సంతకంతో పత్రం కావాలి. అందులో కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని సెక్షన్ 19 లెక్కవేస్తుంది.

ముఖం మారుస్తామన్న సంగతి దాచి "మీ ఫొటో వాడుకోవచ్చా" అని మాత్రం అడగకండి. వాడుకోమని ఆయన అన్నారంటే మార్చమన్నట్టు కాదు. మేము పంపే సందేశం దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. గత మార్చిలో మీరు పెట్టిన గుడి మండపం ఫొటో మాకు చాలా నచ్చింది. మా సంఘం ఉగాది ఆహ్వానానికి దాన్ని వాడుకోవాలనుకుంటున్నాం. అందులోని ఇద్దరి ముఖాల స్థానంలో మా సభ్యులిద్దరి ముఖాలు పెడతాం, మిగతా ఫొటో మార్చం. వాట్సాప్‌లో, మా ఫేస్‌బుక్ పేజీలో ఏప్రిల్ చివరి దాకా ఉంటుంది, ముద్రించం. కింద 'మూల ఛాయాచిత్రం' అని మీ పేరు, పక్కనే 'ముఖాలు మార్చబడ్డాయి' అన్న మాట వేస్తాం, పేరు వద్దంటే తీసేస్తాం. చిన్న సైజు నమూనా మీకు చూపించాకే బయటికి పంపుతాం. దీనికి మీరు ఎంత తీసుకుంటారో చెప్పండి. ఫొటోలో ఉన్నవారి సమ్మతి కోసం ఎవరిని అడగాలో కూడా దయచేసి చెప్పగలరు."

చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. ఫొటోగ్రాఫర్ ఒప్పుకున్నంత మాత్రాన ఫొటోలో ఉన్నవారు ఒప్పుకున్నట్టు కాదు.

తాతగారి పాత స్టూడియో ఫొటోలో నాన్న ముఖం పెట్టాలని ఉంది. అంత పాతదానికి కూడా కాపీరైటా?

తాతగారు స్టూడియోకు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో అయితే హక్కు మీ కుటుంబానిదే అనుకోవచ్చు, నిశ్చింతగా చేయించుకోండి.

పాత పత్రికల్లో, పుస్తకాల్లో అచ్చైన ఫొటోలకు లెక్క వేరు. 2012 దాకా ఫొటోకు ప్రచురణ తర్వాత 60 ఏళ్ల రక్షణ ఉండేది. ఆ ఏడాది సవరణతో ఫొటోగ్రాఫర్ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అయింది. కాబట్టి 1951 చివరిలోగా ప్రచురితమైన ఫొటోల రక్షణ సవరణ రాకముందే ముగిసింది. ఆ తర్వాత అచ్చైనవాటికి తీసినవారు ఎప్పుడు పోయారో చూసుకోవాలి.

ఫొటోగ్రాఫర్ సరేనన్నారు. ముఖం ఎవరిదో వారి సమ్మతి కూడా కావాలా?

కావాలి, కొత్త ముఖం ఎవరిదో వారిదీ, టార్గెట్ ఫొటోలో ఉన్నవారిదీ. ఇది కాపీరైట్ కాదు, వ్యక్తి హక్కు. రజనీకాంత్ పేరును, శైలిని అనుమతి లేకుండా సినిమాలో వాడటాన్ని 2015లో మద్రాస్ హైకోర్టు ఆపింది. తన రూపాన్ని, ముఖాన్ని మార్ఫింగ్‌తో సహా వాడుకోకుండా 2023లో అనిల్ కపూర్‌కు ఢిల్లీ హైకోర్టు రక్షణ ఇచ్చింది. ప్రసిద్ధులు కానివారికి కూడా గోప్యత హక్కు ఉంది.

అశ్లీలమైన స్వాప్ విషయంలో లైసెన్సుల చర్చకు తావే లేదు. అది ఐటీ చట్టం కింద నేరం. ఎవరైనా మీకు అలా చేస్తే స్క్రీన్‌షాట్లు, లింకులు దాచుకుని cybercrime.gov.in లో వెంటనే ఫిర్యాదు చేయండి.

నేను ఫొటోగ్రాఫర్‌ని. నా ఫొటోను టార్గెట్‌గా వాడుకున్నారు. అది నాదేనని ఎలా చూపించాలి?

ఇది చూపించడం మీరనుకున్నంత కష్టం కాదు. మీ అసలు ఫొటోను ఫొటోషాప్‌లో గానీ గింప్‌లో గానీ తెరిచి, వారి బొమ్మను పై లేయర్‌గా పెట్టండి. వారు క్రాప్ చేసి, సైజు మార్చి ఉంటారు కాబట్టి చీర అంచు, స్తంభం మూల లాంటి రెండు చోట్లు పట్టుకుని సరిగ్గా కలిసేలా జరపండి. ఇప్పుడు పై లేయర్ బ్లెండ్ మోడ్‌ను `Difference` చేయండి. రెండూ ఒకటైన చోటల్లా నల్లబడుతుంది. జేపెగ్ కుదింపు వల్ల అక్కడక్కడా సన్నని చుక్కలు మెరుస్తాయి. ముఖం ఉన్న చోట మాత్రం గుడ్డు ఆకారంలో వెలుగు మచ్చ తేలుతుంది. ఆ నలుపంతా మీ పని, ఆ మచ్చ మాత్రమే వారు చేసిన మార్పు. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఉండదు. దీని స్క్రీన్‌షాట్, మీ రా ఫైల్, అదే షూట్‌లో ముందూ వెనకా తీసిన ఫ్రేములు ఒకచోట పెట్టుకోండి. ముందూ వెనకా ఫ్రేములు కాపీ కొట్టినవారి దగ్గర ఉండే వీల్లేదు.

తర్వాత ఆ పోస్టు ఉన్న ప్లాట్‌ఫామ్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కాపీరైట్ నియమాలు, 2013లోని 75వ నియమం ప్రకారం సరైన వివరాలతో ఫిర్యాదు అందిన 36 గంటల్లో వారు దాన్ని అందుబాటులో లేకుండా చేయాలి. ఆ కట్టడి 21 రోజులు ఉంటుంది. ఆలోగా మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోకపోతే వారు మళ్లీ పెట్టవచ్చు. ఈ 21 రోజుల సంగతి తెలియక, పోస్టు పోయింది కదా అని ఊరుకునేవారే ఎక్కువ. ఫారమ్‌లో కాపీరైట్ దారినే ఎంచుకోండి. ఫొటోలో ఉన్న అమ్మాయి విడిగా తన ముఖం గురించి గోప్యత ఫిర్యాదు చేసుకోవచ్చు. మీరు ఆమె తరఫున అది పెడితే తిరగ్గొట్టే అవకాశం ఉంది.

అయితే ముందు మీ కాగితాలు కూడా చూసుకోండి. ఆ ఫొటోను ఎవరో డబ్బిచ్చి తీయించుకుని, కాపీరైట్ మీకే అని ఎక్కడా రాయకపోతే ఫిర్యాదు చేయాల్సింది వారే, మీకు సెక్షన్ 57 హక్కులు మాత్రమే మిగులుతాయి. ఇక నుంచైనా ప్రతి కొటేషన్‌లో రెండు వాక్యాలు చేర్చండి: కాపీరైట్ ఎవరిది, ముఖం మార్చడానికి విడిగా అనుమతి కావాలా వద్దా.

డబ్బు పరిహారం కావాలంటే మీరు ఉండే, పనిచేసే చోట ఉన్న జిల్లా స్థాయి కోర్టులోనే దావా వేసే వీలును సెక్షన్ 62 ఇస్తుంది. దావా విలువ 3 లక్షలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది, అత్యవసరంగా ఆపించాల్సింది లేకపోతే ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చు. అయినా మొదటి మెట్టుగా బిల్లుతో కలిపి మర్యాదగా ఒక ఈమెయిల్ పంపమనే చెబుతాను. చాలా కొట్లవాళ్లు అక్కడే డబ్బు కట్టేస్తారు.

అన్ని అనుమతులూ తీసుకున్నాం. ఇంకేమైనా మిగిలిందా?

ఒకటుంది, మీరు వాడే టూల్. పైన చెప్పిన `inswapper_128`ను విడుదల చేసిన ఇన్‌సైట్‌ఫేస్ వాళ్లు తమ మోడళ్లను వ్యాపారేతర పరిశోధనకు మాత్రమే అనుమతించారు. వారి కోడ్‌కు ఉన్న, వ్యాపారానికీ ఒప్పుకునే ఎంఐటీ లైసెన్స్ చూసి మోడల్‌కూ అదే అనుకోవడం పొరపాటు. ఆ మోడల్‌ను లోపల పెట్టుకుని పైన వేరే పేరుతో తిరిగే యాప్‌లు చాలా ఉన్నాయి. కొట్టు కేటలాగ్‌కు పని చేయించేటప్పుడు ఎడిటర్‌ని ఏ టూల్, ఏ మోడల్, దానికి కమర్షియల్ లైసెన్స్ ఉందా అని అడిగి, జవాబును బిల్లు మీదే రాయించుకోండి.